బీరువా వెనక గోడ: వానాకాలంలో చెక్క సామానుకు, కుషన్లకు, కర్టెన్లకు బూజు పట్టకుండా

గుంటూరు నుంచి సముద్రం కనిపించదు. సూర్యలంక ఒడ్డుకు పోవాలంటే బాపట్ల మీదుగా యాభై కిలోమీటర్ల పైనే ప్రయాణం. అయినా మృగశిర కార్తె దాటి రెండు వానలు పడ్డాయంటే చాలు, బంగాళాఖాతం మీంచి వచ్చే తేమ ఇంట్లోకి వచ్చి కూర్చుంటుంది. అప్పడాలు మెత్తబడతాయి, ఉప్పు డబ్బాలో నీరు ఊరుతుంది, బీరువా తలుపు తెరిస్తే ముక్కిన వాసన కొడుతుంది. ఆగస్టు వచ్చేసరికి సోఫా వెనక తెల్లటి బూజు తేలుతుంది. విజయవాడలో అయితే కృష్ణ ఒడ్డు, కాలవ గట్లు పక్కనే కాబట్టి అక్కడివాళ్లు ఈ బాధను నీళ్ల మీదికి నెట్టేస్తారు. బాధ ఎక్కువగా నీళ్లలో లేదు. గోడలో ఉంది.

ఒకే హాల్లో రెండు చెక్క సామాన్లు పెడితే ఒకదానికి బూజు పట్టి, రెండోది శుభ్రంగా ఉండటం చాలా ఇళ్లలో చూస్తాం. గాలి ఒకటే, వాన ఒకటే. తేడా ఎక్కడంటే, ఆ సామాను ఏ గోడకు ఆని ఉంది, దాని వెనక గాలి కదులుతోందా లేదా అన్నచోట. ముందు ఆ గోడ సంగతి తేల్చుకుని తర్వాత తుడుచుకోవడం మేలు. చాలామంది తుడవడంతో మొదలుపెట్టి అక్కడే ఆపేస్తారు, మూడు వారాలకు బూజు మళ్లీ వస్తుంది.

బూజుకు ఏం కావాలి

బూజు బీజాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి, వాటిని లేకుండా చేయలేం. చెక్క, దూది, గుడ్డ, దుమ్ము వాటికి తిండి, అదీ తీసేయలేం. మన చేతిలో ఉన్నది తేమ ఒక్కటే. వస్తువు ఉపరితలాన్ని ఆనుకుని ఉన్న గాలిలో తేమ 80 శాతం దాటి రోజుల తరబడి ఉంటే బూజు మొలుస్తుంది. 70 లోపు ఉంటే దాదాపు రాదు. గది మధ్యలో మీటరు ఎంత చూపిస్తుందన్నది కాదు, చెక్కను అంటుకున్న ఆ వేలెడు గాలిలో ఎంత ఉందన్నది లెక్క. గది మధ్యలో 74 ఉన్న ఇంట్లోనే బీరువా వెనక 93 ఉండొచ్చు.

అంత తేడా ఎలా వస్తుందో చూద్దాం. జూలైలో మన హాల్లో 30 డిగ్రీల వేడి, 75 శాతం తేమ ఉందనుకోండి. ఆ గాలి 25 డిగ్రీల చల్లటి వస్తువును తాకితే అందులోని ఆవిరి నీరుగా మారుతుంది. చల్లటి మజ్జిగ పోసిన స్టీలు గ్లాసుకు చెమట పట్టేది ఇందుకే. ఇప్పుడు హాలు గోడకు అవతల పడకగది ఉంది, అందులో ఏసీ 20 దగ్గర రాత్రంతా నడుస్తోంది. మధ్యగోడ చాలా ఇళ్లలో నాలుగున్నర అంగుళాల ఇటుక గోడే. ఖాళీగా ఉన్న గోడ అయితే హాలు గాలి దాన్ని కొంత వెచ్చబరుస్తుంది కాబట్టి గోడ ఉపరితలం 27, 28 దగ్గర నిలబడుతుంది. అదే గోడకు బీరువానో సోఫానో ఆనించి పెడితే హాలు గాలి వెచ్చదనం అక్కడికి అందదు. ఆ చోట గోడ 25 కంటే కిందికి దిగిపోతుంది. ఆవిరి మాత్రం సందుల్లోంచి చేరుతూనే ఉంటుంది. తెల్లవారేసరికి బీరువా వీపు, గోడ రెండూ చెమ్మగిల్లుతాయి. పగలు ఆరే లోపు మళ్లీ రాత్రి వస్తుంది.

కాబట్టి మన ఊళ్లలో ఇప్పుడు బూజుకు పెద్ద కారణం చూరు కారడం కాదు, పక్క గదిలో ఏసీ. పాత పెంకుటిళ్లలో ఈ రకం బూజు అంతగా కనిపించకపోవడానికి అదీ ఒక కారణం.

మొదట గోడను పరీక్షించండి

ఇక్కడ రెండు పనులు చేయాలి. మొదటిది, ఒక చిన్న డిజిటల్ తేమ మీటరు కొనడం. హైగ్రోమీటర్ అంటే దుకాణాల్లో ఇస్తారు. చవకవాటిలో తప్పు చూపించేవి ఉంటాయి కనుక నమ్మేముందు ఉప్పుతో సరిచూసుకోండి. ఒక సీసా మూతలో రెండు చెంచాల ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేంత మటుకే నీటి చుక్కలు వేయండి. ఉప్పు పూర్తిగా కరిగిపోకూడదు. ఆ మూతను, మీటరును కలిపి జిప్ కవరులో పెట్టి గాలి చొరకుండా మూసి, ఒక రాత్రి కదపకుండా ఉంచండి. పొద్దున మీటరు 75 చూపించాలి. 70 చూపిస్తే మీ మీటరు 5 తక్కువ చెబుతోందని గుర్తుంచుకుని ఆ మేరకు కలుపుకోండి, పారేయనక్కర్లేదు.

రెండోది పాలిథిన్ పరీక్ష. గోడ తడి గాలిలోంచి వస్తోందా, గోడలోంచే వస్తోందా తేల్చేది ఇదే. బూజు పట్టిన చోట సామాను జరిపి, గోడను పొడిగుడ్డతో తుడిచి, అడుగు చదరం పారదర్శక పాలిథిన్ ముక్కను నాలుగు పక్కలా టేపుతో సందు లేకుండా అంటించండి. ఇల్లు మామూలుగా నడవనివ్వండి, ఏసీ రోజూలాగే వేసుకోండి. రెండు రాత్రుల తర్వాత చూడండి. చెమ్మ పాలిథిన్ బయటి వైపు, అంటే మీరు తాకే వైపు ఉంటే అది గదిగాలిలోని ఆవిరి చల్లటి గోడకు తగిలి నీరైంది. లోపలి వైపు, గోడకూ కవరుకూ మధ్య బిందువులు ఉంటే నీరు గోడలోంచే వస్తోంది. అవతల బాత్రూము పైపు కారుతోందో, బయటి గోడ పగుళ్లలోంచి వాన నీరు దిగుతోందో, పునాది లోంచి చెమ్మ ఎక్కుతోందో చూడాలి. అలాంటప్పుడు ఈ వ్యాసంలోని మిగతా ఉపాయాలు తాత్కాలికమే, ముందు ప్లంబరునో మేస్త్రీనో పిలవాలి.

తెల్లగా కనిపించేదంతా బూజు కాదని కూడా ఇక్కడే చెప్పాలి. గోడ మీద దూదిలా తేలిన తెలుపు మీద ఒక చుక్క నీరు వేయండి. కరిగిపోతే అది చౌడు, గోడలోని ఉప్పు. కరగకపోతే బూజు. చెక్క కింద నేల మీద సన్నటి పిండి రాలి, చెక్కలో గుండుసూది రంధ్రాలు ఉంటే అది పుచ్చు పురుగు. మట్టి గీతలు గోడ వెంట పాకితే చెదలు. వీటికి మందులు వేరు. ఇక స్పిరిట్ పాలిష్ చేసిన పాత సామాను చెమ్మకు తెల్లగా మసకబారుతుంది. దాన్ని గుడ్డతో తుడిస్తే పోదు, వాసనా ఉండదు. లక్క పూతలోకి తేమ దిగడం వల్ల వచ్చిన పొర అది. పొడి వాతావరణంలో చాలావరకు దానంతట అదే తగ్గుతుంది, లేదంటే పాలిష్ వాళ్లు సరిచేస్తారు. బూజైతే తుడిస్తే గుడ్డకు అంటుతుంది, వాసన వస్తుంది.

బ్రాడీపేటలో ఒక షోకేసు

గుంటూరు బ్రాడీపేటలో మా పిన్నిగారి ఇల్లు మూడంతస్తుల భవనంలో కింది భాగం. హాల్లో అయిదడుగుల వెడల్పు టేకు షోకేసు. ముందు అద్దాలు, వెనక ప్లైవుడ్ పలక. లోపల పుస్తకాలు, కొండపల్లి బొమ్మలు. ప్రతి ఆగస్టులో పుస్తకాల వెనక పచ్చటి బూజు, బొమ్మల అడుగున నల్లటి మచ్చలు. ఆవిడ ఏటా తుడిచి, కర్పూరం బిళ్లలు, నాఫ్తలీన్ ఉండలు వేసి మూసేసేది.

ఆ గోడకు అవతల పడకగది. ఏసీ 20లో ఉండేది. హాలు మధ్యలో మీటరు 74 చూపిస్తే, షోకేసు వెనక దారం కట్టి జారవిడిచిన మీటరు పొద్దున్నే 93 చూపించింది. పాలిథిన్ ముక్కకు చెమ్మ హాలు వైపే పట్టింది. పైపుల తప్పు ఏమీ లేదని తేలిపోయింది.

వడ్రంగి వచ్చి వెనక పలక చూసి, "ఏంటమ్మా ఇది, ముందంతా మెరిసిపోతోంది, వీపుకు ఒక్క కోటు కూడా వెయ్యలేదు" అన్నాడు. అసలు కీలకం అదే. మన దగ్గర చేసే సామానులో చాలా మటుకు ముందు భాగానికి మూడు నాలుగు పూతలు వేస్తారు. వీపు, అడుగు, కాళ్ల కొసలు పచ్చిగా వదిలేస్తారు. చెక్క తేమను పీల్చేది అక్కడి నుంచే.

చేసిన పనులు చెబుతాను. మొదట షోకేసు ఖాళీ చేసి గోడ నుంచి నాలుగు అంగుళాలు ముందుకు జరిపాం. అరచేయి నిలువుగా పెట్టి లోపల ఆడించగలిగితే ఆ సందు చాలు. అడుగున కూడా గాలి ఆడాలి కాబట్టి కాళ్ల కింద రెండంగుళాల గ్రానైట్ ముక్కలు పెట్టాం. గచ్చు తుడిచినప్పుడు తడి కాళ్లకు ఎక్కకుండా కూడా అవి పనికొస్తాయి. వడ్రంగి వెనక పలకకు పైన ఒక వరస, కింద ఒక వరస అంగుళం రంధ్రాలు వేశాడు, పురుగులు దూరకుండా లోపలి వైపు దోమల జాలీ కొట్టాడు. లోపలి గాలి కొంత వెచ్చగా ఉన్నప్పుడు పై రంధ్రాల్లోంచి పోయి, కింది వాటిలోంచి కొత్త గాలి వస్తుంది. పుస్తకాలను పలకకు ఆనకుండా రెండు వేళ్లు ముందుకు సర్దాం.

అవతలి గదిలో ఏసీ 26కు పెంచి, సీలింగ్ ఫ్యాను నెమ్మదిగా వేసుకోమన్నాం. పిన్ని మొదట ఒప్పుకోలేదు, "మీ బాబాయికి 20 లేకపోతే నిద్ర పట్టదురా" అంది. బాబాయి మూడో రాత్రికి అలవాటు పడ్డారు. తర్వాత వారం షోకేసు వెనక మీటరు పొద్దున్నే 79, 80 మధ్య ఆడింది. ఇది గొప్ప అంకె కాదు, హద్దు మీదే ఉంది. కానీ రోజులో కొన్ని గంటలు 72కు దిగుతోంది, అంటే ఆరడానికి సమయం దొరుకుతోంది. షోకేసును ఏసీ లేని గోడకు మార్చగలిగితే ఇంకా మేలు. ఆ హాల్లో ఆ చోటు లేదు.

ఒకరిద్దరు సలహా ఇచ్చినట్టు గోడకు థర్మోకోల్ అంటించడం గానీ, ఇప్పుడు అందరూ వేయిస్తున్న పీవీసీ ప్యానెళ్లు బిగించడం గానీ చేయొద్దు. వాటి వెనక గోడ ఇంకా చల్లబడుతుంది, ఆవిరి సందుల్లోంచి వెళ్లి అక్కడే నీరవుతుంది. బూజు కనపడదు, అంతే. కొన్నాళ్లకు వాసన చెబుతుంది.

తుడిచే పద్ధతి

బూజును పొడి చీపురుతోనో పొడిగుడ్డతోనో కొట్టకండి, ఫ్యాను కింద అసలు వద్దు. బీజాలు ఇల్లంతా పరుచుకుంటాయి. వస్తువును వరండాలోకో డాబా మీదికో తీసుకెళ్లి, ఎన్95 మాస్కు, చేతి తొడుగులు వేసుకుని మొదలుపెట్టండి. ఆస్తమా ఉన్నవాళ్లు ఆ పక్కకు రాకూడదు.

లీటరు నీళ్లలో ఒక టీ చెంచా అంట్లు తోమే లిక్విడ్ కలిపి, గుడ్డ ముంచి గట్టిగా పిండి, ఒక్క దిక్కుగా తుడవండి. గుడ్డలోంచి నీరు కారకూడదు. ప్రతి రెండు మూడు తుడుపులకు గుడ్డ మడత మార్చండి, మురికైతే గుడ్డనే మార్చండి. తర్వాత మంచినీళ్లలో పిండిన గుడ్డతో ఒకసారి, వెంటనే పొడిగుడ్డతో ఒకసారి. ఆపైన నీడలో, ఫ్యాను గాలికి రెండు మూడు రోజులు వదిలేయండి. పాలిష్ ఉన్న చెక్కను, ముఖ్యంగా వెనీర్ అంటించిన దాన్ని ఎర్రటి ఎండలో పెడితే పైపొర లేచిపోతుంది, పలకలు వంకర తిరుగుతాయి. వాన మధ్యలో కాసే ఎండ మెత్తనిదేమీ కాదు.

పాలిష్ లేని వీపు పలకకు ఆరిన తర్వాత సర్జికల్ స్పిరిట్ గుడ్డతో ఒకసారి తుడవొచ్చు, దగ్గరలో దీపం, స్టవ్ లేకుండా చూసుకుని. ముందు వైపు మాత్రం జాగ్రత్త. పాత ఇళ్లలోని కుర్చీలు, మంచాలు, బీరువాలు చాలావరకు స్పిరిట్ పాలిష్ వేసినవే. లక్కను స్పిరిట్‌లో కరిగించి వేసిన పూత అది, స్పిరిట్ తగిలితే మళ్లీ కరుగుతుంది. కనపడని మూల దూదితో అద్ది చూడండి. దూదికి గోధుమరంగు వస్తే ఆపేయండి.

బ్లీచింగ్ నీళ్లు చెక్కకు పనికిరావు. రంగు తెల్లబడి బూజు పోయినట్టు కనిపిస్తుంది గానీ అందులోని నీరు చెక్కలోకి దిగి కింద ఉన్న బూజుకు ఉపకారం చేస్తుంది. బ్లీచింగ్‌ను వెనిగర్‌తో గానీ, బాత్రూము యాసిడ్‌తో గానీ ఎట్టి పరిస్థితిలోనూ కలపకండి. క్లోరిన్ వాయువు వస్తుంది, మూసిన గదిలో అది ప్రాణం మీదికి తెస్తుంది.

కొండపల్లి బొమ్మలకు తడిగుడ్డ అసలు వద్దు. అవి తెల్ల పొణికి చెక్కతో చేసినవి, చాలా తేలిక, మెత్తన, నీరు పీల్చుకుంటాయి. పైగా పాత బొమ్మల రంగు తడికి లేచిపోవచ్చు. మెత్తటి పొడి కుంచెతో బయట నిలబడి, మాస్కు పెట్టుకుని దులపండి, నీడలో ఆరనివ్వండి. అడుగున ఉన్న నల్లమచ్చ పోకపోతే వదిలేయండి.

ఇక వీపుకు వార్నిష్ వేయించే సంగతి. ఆగస్టులో వద్దు. తేమ చెక్కలోనే ఉండగా పూత వేస్తే దాన్ని లోపల బంధించినట్టే, పైగా ముసురులో వేసిన పూత తెల్లబారుతుంది. వానాకాలంలో తుడిచి ఆరబెట్టి ఆపేయండి. సంక్రాంతి తర్వాత నుంచి రోహిణి కార్తె వరకు ఎప్పుడైనా వేయించుకోవచ్చు. వడ్రంగి దగ్గర చెక్క తేమ మీటరు ఉంటే 12 శాతం చుట్టుపక్కల ఉందో లేదో చూడమనండి. ఉప్పుకాగితంతో రుద్ది, ఒక కోటు సీలర్, దాని మీద రెండు కోట్లు వార్నిష్. వీపు, అడుగు, ప్లైవుడ్ కోసిన అంచులు, కాళ్ల కొసలు అన్నీ రావాలి. అంచు ఒక్కటి మిగిలినా చెమ్మ అక్కడి నుంచే ఎక్కుతుంది. పార్టికల్ బోర్డు సామాను అంచు ఒకసారి ఉబ్బితే మళ్లీ దిగదు, దానికి ఖర్చు పెట్టకండి.

బీరువాలో వేసే పొట్లాలు

నాఫ్తలీన్ ఉండలు పురుగుల కోసం, బూజును ఆపవు. కర్పూరం, ఎండు వేపాకు కూడా అంతే. పచ్చి వేపాకు పెడితే దాని తడి కూడా బీరువాలోకి చేరుతుంది.

సిలికా జెల్ నిజంగా తేమ పీలుస్తుంది. కానీ ఎంత పీలుస్తుందో లెక్క చూసుకోవాలి. అరకిలో జెల్ వాడుకలో ఓ 100 గ్రాముల నీరు పట్టుకుంటుంది. బీరువాలో 20 కిలోల నూలు బట్టలు ఉంటే, ముసురులో అవి పీల్చుకున్న అదనపు నీరే కిలో దాకా ఉంటుంది. అందుకే తడి బట్టల మధ్య పొట్లం వేసి ప్రయోజనం లేదు. ఎండ కాసిన రోజున చీరలు, పంచెలు, దుప్పట్లు బయట ఆరేసి, బీరువా తలుపులు తెరిచి ఫ్యాను పెట్టి, అన్నీ చల్లారాక సర్ది, అప్పుడు జెల్ వేయండి. రంగు మారే రకం కొంటే ఎప్పుడు నిండిందో తెలుస్తుంది. దాన్ని ఓవెన్లో 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచితే మళ్లీ పనిచేస్తుంది. నీరు కిందికి కారి డబ్బాలో చేరే కాల్షియం క్లోరైడ్ రకాన్ని చెక్క అర మీద నేరుగా పెట్టకండి. ఒలికితే ఆ ఉప్పునీరు చెక్కనూ పట్టుచీరనూ రెంటినీ పాడుచేస్తుంది. కింద స్టీలు పళ్లెం ఉండాలి.

కుషన్లు

సోఫా కుషన్లకు బూజు సాధారణంగా కూర్చునే వైపు రాదు. వీపు వైపు, అడుగు వైపు వస్తుంది. జిప్పు తీసి లోపల చూడండి. పాలియురితేన్ ఫోమ్ అయితే చేత్తో నొక్కి వదిలి ముక్కు దగ్గర పెట్టి వాసన చూడండి, లోపలి గాలి బయటికి వస్తుంది కాబట్టి నిజం తెలిసిపోతుంది. మచ్చలు పైపైనే ఉంటే సబ్బు నీళ్లలో పిండిన గుడ్డతో తుడిచి, పొడిగుడ్డ అద్ది, ఎండలో మూడు నాలుగు గంటలు నిలబెట్టండి. పడుకోబెట్టకండి, అడుగు ఆరదు. గంటకోసారి అంచు మార్చాలి. నల్లచుక్క లోపలికి దిగిందో లేదో చూడటానికి మూలన చాకుతో చిన్న గాటు పెట్టండి. అర అంగుళం లోపల కూడా మచ్చ ఉంటే ఆ ఫోమ్ మార్చేయడమే.

దూది, బూరుగు దూది దిండ్లు వేరే కథ. అవి గట్టిబడి ముద్దలు కట్టాయంటే లోపల చెమ్మ చేరిందని. బూజు పట్టకముందే ఎండలో వేసి, దూది ఏకించి మళ్లీ నింపించుకుంటే ఏళ్ల తరబడి వస్తాయి. బూజు పట్టాక ఏకిస్తే దుమ్ముతో పాటు బీజాలు కూడా ఏకేవాళ్ల ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అలాంటి దూదిని ఇవ్వకండి, పారేయండి.

వరద నీరు తాకిన కుషన్లు, పరుపులు ఏ రకమైనా ఉంచుకోకూడదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్ నగర్ వైపు ఇళ్లలోకి వచ్చింది వాన నీరు ఒక్కటే కాదు, డ్రైనేజీ కూడా కలిసింది. ఎంత ఎండబెట్టినా ఫోమ్ లోంచి ఆ మురికి పోదు. టేకు చట్రాలు మాత్రం కడిగి, నీడలో నెమ్మదిగా ఆరనిస్తే బతుకుతాయి.

సోఫాను ఒకసారి వెనక్కి వాల్చి అడుగు చూడండి. అక్కడ నల్లటి పల్చటి గుడ్డ స్టేపుల్ చేసి ఉంటుంది. మచ్చలు ముందు దాని మీదే కనపడతాయి. దాన్ని ఊడదీసి కొత్త నూలు గుడ్డ కొట్టించడం చిన్న పని. సోఫా మీద ప్లాస్టిక్ కవరు కప్పే అలవాటు మాత్రం జూన్ నుంచి మానండి. దుమ్ము పడకుండా కప్పిన ఆ కవరు కిందే మొదటి బూజు వస్తుంది. ఊరెళ్లేటప్పుడు పాత నూలు చీర కప్పండి. ఎండాకాలంలో వాడిన ఎయిర్ కూలర్‌ను కూడా మొదటి వానకే మూలన పెట్టాలి, అది గదిలోకి నీటిని ఆవిరి చేసి పంపే యంత్రం.

కిటికీలు, కర్టెన్లు

కిటికీలు ఎప్పుడు తెరవాలన్నది గడియారం చూసి నిర్ణయించాలి. వాన లేని రోజున పదకొండు నుంచి నాలుగు దాకా ఎదురెదురు కిటికీలు తెరిచి ఫ్యాన్లు వేయండి. ఆ వేళ బయటి గాలి వేడిగా ఉంటుంది కాబట్టి అందులో తేమ శాతం తక్కువ. తెల్లవారుజామున, ముసురులో, సాయంత్రం వాన వెలిసిన వెంటనే మూసి ఉంచండి. పొద్దున ఏసీ ఆపగానే తలుపు బార్లా తెరవకండి. చల్లబడ్డ డ్రెస్సింగ్ టేబుల్ అద్దం మీద, బీరువా తలుపు మీద బయటి ఆవిరి వెంటనే పడుతుంది. ఫ్యాను వేసి ఓ అరగంట ఆగి తెరవండి.

తడి బట్టలు గదిలో దండేలు కట్టి ఆరేయడం వానాకాలంలో తప్పదు. ఒక మిషన్ నిండా ఉతికిన బట్టల్లోంచి లీటరున్నర, రెండు లీటర్ల నీరు గాలిలోకి వస్తుంది. అది పోయి కర్టెన్లలో చేరుతుంది. అందుకని ఒక గది నిర్ణయించుకుని, చెక్క సామాను లేనిదైతే మంచిది, తలుపు మూసి, కిటికీ తెరిచి, ఫ్యాను కింద అక్కడే ఆరేయండి.

కర్టెన్లకు చెమ్మ ఎక్కేది కింది అంచు నుంచి. నేలను తాకే పొడవు ఫ్యాషనే గానీ, గచ్చు తుడిచిన తడి, కిటికీ గట్టు మీద పడిన జల్లు అంతా మడత కుట్టులోకి పోతుంది. మూడు నెలల పాటు అంచును అంగుళం పైకి మడిచి టాకాలు వేసుకోండి. గోడకు ఆనే కడ్డీ అయితే బ్రాకెట్లు మార్చి మూడంగుళాలు ముందుకు తెప్పించండి. వెనక రబ్బరు పూత ఉన్న బ్లాకౌట్ కర్టెన్లు పగలు ఒక పక్కకు పూర్తిగా లాగి ఉంచాలి, ఆ పూత వెనక గాలి చొరదు.

మచ్చ పడిన రంగుల కర్టెన్లకు ఆక్సిజన్ బ్లీచ్ పొడి మంచిది. లేబుల్ చెప్పినంత పొడి గోరువెచ్చని నీళ్లలో కలిపి గంట నానబెట్టి, ఉతికి, ఎండలో తిరగేసి ఆరేయండి. ముందు లోపలి కుట్టు దగ్గర ఒక చుక్క వేసి రంగు పోదని చూసుకోవాలి. పట్టు, ఉన్ని వాటికి ఇది వద్దు. కలంకారీ, చేనేత రంగుల గుడ్డలను మామూలు సబ్బుతోనే ఉతకండి. ఆరిందనిపించాక ఇస్త్రీ చేయండి. మడతల్లో మిగిలిన తడి అప్పుడు ఆవిరై పోతుంది. ఇస్త్రీ వేడి మీదే మడిచి బీరువాలో పెడితే చేసిందంతా వృథా, చల్లారనివ్వాలి.

అక్టోబరు వచ్చేసరికి ఏసీలు ఆపేస్తాం, దాంతో మధ్యగోడల బాధ తగ్గుతుంది. కానీ వాయుగుండాలు మొదలవుతాయి, ఈశాన్య రుతుపవనాలతో గాలి దిక్కు మారుతుంది, జల్లు ఉత్తరం, తూర్పు గోడలకు కొడుతుంది. తేమ మీటరును షోకేసు వెనక నుంచి తీసి ఆ బయటి గోడల వైపున్న సామాను వెనకకు మార్చి, పాలిథిన్ ముక్క అక్కడ మళ్లీ అంటించండి. ఈసారి బిందువులు లోపలి వైపు కనిపిస్తే పగుళ్లు పూడ్పించే పని జనవరిలో పెట్టుకోవచ్చు. అప్పటిదాకా ఆ గోడకు చెక్క సామాను ఏదీ ఆనించకండి.